టవర్ పెడతాం, ఏటీఎం ఇస్తాం అని ఫోన్ వస్తే: డబ్బు కట్టక ముందే నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

“శాటిలైట్ సర్వేలో మీ స్థలం సెలెక్ట్ అయింది. 5జీ టవర్ పెడతాం. అడ్వాన్స్ 30 లక్షలు, నెలకు 25 వేలు అద్దె, ఇంట్లో ఒకరికి సెక్యూరిటీ ఉద్యోగం.” ఇలాంటి మెసేజ్ ఊళ్లలో ఎంతోమంది ఫోన్లకు వచ్చే ఉంటుంది. రోడ్డు పక్కన షాపు ఉన్నవాళ్లకైతే ఏటీఎం ఫ్రాంచైజీ పేరుతో వస్తుంది. రెండింటిలోనూ చివరికి అడిగేది డిపాజిట్, అప్రూవల్ ఫీజు. అయితే రెండూ ఒకటే రకం కాదు. టవర్ విషయంలో మీరు కట్టాల్సింది ఒక్క రూపాయి కూడా ఉండదు. ఏటీఎం విషయంలో నిజమైన కంపెనీ కూడా డిపాజిట్ అడగొచ్చు. అందుకే రెండింటినీ వేర్వేరుగా పరీక్షించాలి.

మొదటి పని: టవర్ ఎవరి అవసరమో ఆలోచించండి

టవర్ కోసం స్థలం వెతికేది కంపెనీ ఇంజనీర్లు. ఎక్కడ సిగ్నల్ తగ్గుతోందో, ఎక్కడ వాడకం పెరిగిందో చూసి మ్యాపు మీద ఒక చిన్న వృత్తం గీసుకుంటారు. ఆ వృత్తంలో పనికొచ్చే మేడలు, ఖాళీ స్థలాలు ఏవో చూసి వాటి యజమానుల దగ్గరికి మనిషిని పంపుతారు. అతను వచ్చి స్థలం కొలుస్తాడు, ఫొటోలు తీసుకుంటాడు. మేడ అయితే పైకప్పు బరువు మోస్తుందో లేదో ఇంజనీరు వచ్చి చూస్తాడు. తర్వాత మీ దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ అడుగుతారు. అన్నీ కుదిరితే లీజు రాసుకుంటారు. ఏడాదికి మించిన లీజు కాబట్టి సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతికి దరఖాస్తు చేసేది, దానికి ఫీజు కట్టేది కంపెనీయే.

ఎవరూ మీ స్థలం చూడకుండా, మీ ఈసీ తెరవకుండా, ఫోన్లోనే “సెలెక్ట్ అయింది” అన్నారంటే ఆ మాట అక్కడే అనుమానించాలి. అడ్వాన్స్ లెక్క కూడా ఒకసారి చూడండి. నెలకు 25 వేలు అంటే ఏడాదికి 3 లక్షలు. 30 లక్షలంటే పదేళ్ల అద్దె. స్థలం చూడకుండానే పదేళ్ల అద్దె చేతిలో పెట్టి, మళ్లీ నెలనెలా అద్దె కూడా ఇచ్చే కంపెనీ ఉండదు.

రెండో పని: ఫీజుల వరసను గుర్తుపట్టండి

ఈ మోసం ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు నేను ఊహించి వేసినవి, కానీ వరస మాత్రం ఇలాగే ఉంటుంది. మొదట రిజిస్ట్రేషన్ ఫీజు 1,850 రూపాయలు అడుగుతారు. “ఇంతేనా, పోతే పోయింది” అనుకుని కట్టేస్తారు. మొదటి మొత్తం చిన్నదిగా పెట్టేది అందుకే. నాలుగు రోజులకు మూడు సింహాల గుర్తు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరు, గుండ్రటి స్టాంపు ఉన్న “అప్రూవల్ లెటర్” వాట్సాప్‌లో వస్తుంది. దాంతో పాటు అగ్రిమెంట్, లాయర్ చార్జీలకు 15,500 అడుగుతారు. తర్వాత రేడియేషన్ ఎన్‌ఓసీ, ఇన్సూరెన్స్‌ల కోసం 32,000. చివరగా 30 లక్షల డీడీ ఫొటో ఒకటి పంపి, “డీడీ రెడీగా ఉంది, దీని మీద 2 శాతం టీడీఎస్ 60,000 కడితే రేపే మీ ఖాతాలో పడుతుంది” అంటారు. అప్పటికి మొత్తం 1,09,350 రూపాయలు పోయి ఉంటాయి.

ఇందులో మనిషిని కట్టిపడేసేది అప్పటికే కట్టిన డబ్బు. “ఇప్పుడు ఆపేస్తే ముందు కట్టినదంతా పోతుంది” అని వాళ్లే గుర్తుచేస్తారు. ఆ టెన్షన్‌లోనే బంగారం తాకట్టు పెట్టి మరీ కడుతుంటారు. ఆ మాట వినిపించిన రోజే ఆపేయాలి. ఎందుకంటే తర్వాతి ఫీజు పేరు కూడా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది.

టీడీఎస్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. చదువుకున్నవాళ్లు కూడా దొరికిపోయేది ఇక్కడే. టీడీఎస్ అంటే మీకు ఇవ్వాల్సిన డబ్బులోంచి ఇచ్చేవాళ్లే కోసుకుని ప్రభుత్వానికి జమ చేసేది. అది మీ పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో కనిపిస్తుంది. అంటే 30 లక్షలు నిజంగా ఇచ్చేవాళ్లయితే కోసుకుని మిగతాది పంపుతారు. ముందుగా మీరే టీడీఎస్ కట్టండి అనే పద్ధతి ఎక్కడా లేదు.

ఎన్‌ఓసీ సంగతీ అంతే. టవర్‌కు స్థలం అద్దెకు తీసుకోవడంలో టెలికాం శాఖకు గానీ ట్రాయ్‌కి గానీ ఏ పాత్రా లేదు. వాళ్లు స్థల యజమానులకు ఎన్‌ఓసీలు ఇవ్వరు, ఫీజులు వసూలు చేయరు. ఈ సంగతి ఆ రెండు సంస్థలూ బహిరంగ ప్రకటనల్లో ఎన్నోసార్లు చెప్పాయి. కాబట్టి ట్రాయ్ పేరుతో మీకు ఎన్‌ఓసీ వచ్చిందంటే అది నకిలీదని తేల్చడానికి ఇంకేమీ చూడక్కర్లేదు.

మూడో పని: మనిషిని కాదు, కంపెనీని అడగండి

టవర్లు నిలబెట్టే కంపెనీలు టెలికాం శాఖ దగ్గర నమోదై ఉంటాయి. ఆ జాబితా శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ముందు కంపెనీ పేరు అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే వదిలేయండి. ఉంటే మాత్రం నమ్మేయకండి. మోసగాళ్లు వాడేది పెద్ద కంపెనీల అసలు పేర్లే. ఇండస్ టవర్స్ లాంటి పేరు లెటర్‌హెడ్ మీద కనిపించినంత మాత్రాన ఫోన్ చేసినవాడు ఆ కంపెనీ మనిషి అయిపోడు. లెటర్ మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తేది కూడా వాడి మనిషే. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కు ఆ లెటర్ పంపి, ఇది మీదేనా అని అడగండి.

ఒకవేళ డబ్బు పంపే దాకా వెళ్లారనుకోండి. యూపీఐ పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద వచ్చే పేరు చదవండి. కంపెనీ పేరుకు బదులు ఎవరో ఒక మనిషి పేరు కనిపిస్తే వెనక్కి రండి. కంపెనీ పేరే కనిపించినా, టవర్ కోసమైతే కట్టకూడదు.

ఏటీఎం అయితే పరీక్ష వేరు

వైట్ లేబుల్ ఏటీఎంలు అని ఉన్నాయి. ఇవి బ్యాంకులవి కావు. 2012లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అనుమతి పొందిన కంపెనీలు నడుపుతాయి. మొదటిది 2013లో ఇండిక్యాష్ పేరుతో వచ్చింది. ఇలాంటి కంపెనీలు షాపు ఉన్నవాళ్లకు ఫ్రాంచైజీ ఇవ్వడం నిజమే. సెక్యూరిటీ డిపాజిట్ తీసుకోవడం, మిషన్‌లో పెట్టే నగదు మీరే సమకూర్చుకోమనడం కూడా ఉంది. కాబట్టి “డిపాజిట్ అడిగారు కాబట్టి మోసం” అని ఇక్కడ అనలేం.

మరి ఏం చూడాలి? మొదట, రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్ rbi.org.in లో అనుమతి పొందిన చెల్లింపు సంస్థల జాబితా ఉంటుంది. అందులో వైట్ లేబుల్ ఏటీఎం ఆపరేటర్ల విభాగం తెరిచి పేరు వెతకండి. పేరు ఉంటే పైన చెప్పినట్టే కంపెనీకి నేరుగా రాసి, మీతో మాట్లాడుతున్న మనిషి వాళ్లవాడేనా అని అడగండి. “ఫలానా బ్యాంకు ఏటీఎం ఇప్పిస్తాం” అంటే మాత్రం మీ ఊళ్లో ఆ బ్యాంకు బ్రాంచికి వెళ్లి మేనేజరునే అడగడం మంచిది.

తర్వాత, ఆదాయం లెక్క వేయండి. “నెలకు 60 వేలు గ్యారంటీ” అన్నారనుకుందాం. వేరే బ్యాంకు కార్డుతో ఒకరు డబ్బు తీస్తే, ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు నుంచి ఏటీఎం నడిపేవారికి వచ్చేది 2025 మే నుంచి 19 రూపాయలు. బ్యాలెన్స్ చూసుకోవడం లాంటి వాటికి 7 రూపాయలు. అందులో కంపెనీ వాటా పోగా మిగిలిందే మీకు వచ్చే కమీషన్. పోనీ 19 రూపాయలూ మీకే ఇచ్చారనుకున్నా, 60 వేలు రావాలంటే నెలకు 3,158 మంది, అంటే రోజుకు 105 మంది డబ్బు తీయాలి. మీ షాపు ముందు ఇప్పుడున్న ఏటీఎం దగ్గర ఒక పూట నిలబడి ఎంతమంది వస్తున్నారో చూస్తే ఆ మాటలో నిజమెంతో తెలిసిపోతుంది. పైగా నిజమైన ఫ్రాంచైజీలో ఆదాయం లావాదేవీల మీద ఆధారపడుతుంది. గ్యారంటీ ఆదాయం అన్నారంటేనే ఎదుటివాడికి ఈ వ్యాపారం తెలియదని, లేదా మిమ్మల్ని మోసం చేస్తున్నాడని అర్థం.

చివరగా, వరస చూడండి. ముందు సైట్ సర్వే, తర్వాత అగ్రిమెంట్, ఆ తర్వాతే డిపాజిట్. డిపాజిట్ ఎప్పుడు, ఏ షరతు మీద తిరిగి ఇస్తారో అగ్రిమెంట్‌లో ఉండాలి. డబ్బు కంపెనీ పేరున ఉన్న కరెంట్ ఖాతాకే వెళ్లాలి, రసీదు రావాలి. అగ్రిమెంట్ కాగితం చూపక ముందే “ఈ రోజు సాయంత్రంలోగా కట్టకపోతే స్లాట్ వేరేవాళ్లకు పోతుంది” అని తొందరపెడితే పోనివ్వండి.

డబ్బు ఇప్పటికే కట్టేసి ఉంటే

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే సమాచారం చేరితే బ్యాంకు దాన్ని హోల్డ్‌లో పెట్టగలదు. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి నగదుగా మారిపోయాక పట్టుకోవడం కష్టం. ఫోన్ చేసేటప్పుడు తేదీ, మొత్తం, యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి. యూపీఐ లావాదేవీ వివరాల్లో కనిపించే 12 అంకెల నంబరే అది. తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు పూర్తి చేసి, మీ బ్యాంకుకూ రాసివ్వండి. చాట్లు, లెటర్లు డిలీట్ చేయొద్దు. చిన్న మొత్తం కదా, పరువు పోతుందేమో అని ఊరుకోవద్దు. అదే ఖాతా మీద వేరేవాళ్ల ఫిర్యాదులు కూడా ఉండొచ్చు. తెలంగాణలో ఇలా హోల్డ్ అయిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించారు.

డబ్బు కట్టలేదు, ఫోనో మెసేజో మాత్రమే వచ్చిందంటే sancharsaathi.gov.in లో చక్షు విభాగంలో ఆ నంబరు మీద ఫిర్యాదు చేయొచ్చు. ఆధార్ కాపీ, పాస్‌బుక్ ఫొటో పంపేసి ఉంటే అదే సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకుని, మీవి కానివాటిని రిపోర్ట్ చేయండి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. సంతకం చేసిన చెక్కు ఇచ్చి ఉంటే బ్యాంకులో స్టాప్ పేమెంట్ రాసివ్వండి.

ఆ తర్వాత కొన్ని వారాలకో నెలలకో మరో ఫోన్ రావచ్చు. “మీరు టవర్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నారు కదా, మేం సైబర్ సెల్ నుంచి, మీ డబ్బు రికవర్ అయింది, విడుదల చేయడానికి కోర్టు ఫీజు 9,500 కట్టండి” అంటారు. మీరు ఎంత పోగొట్టుకున్నారో వాళ్లకు తెలుస్తుంది, ఎందుకంటే మోసపోయినవాళ్ల జాబితా వాళ్ల చేతిలోనే ఉంటుంది. డబ్బు తిరిగి ఇవ్వడానికి పోలీసులు ఫోన్ చేసి ఫీజు వసూలు చేయరు. ఆ నంబరును కూడా మీ పాత ఫిర్యాదు నంబరుతో కలిపి దర్యాప్తు చేస్తున్న స్టేషన్‌కు ఇవ్వండి.