అటక మీద పాత మెరిసే వాచీ దొరికితే: అద్దం ఊడదీయకండి

మొన్న తెలిసినవాళ్ల ఇంట్లో అటక సర్దుతుంటే రేకు డబ్బాలోంచి ఒక పాత చేతి వాచీ బయటపడింది. అంకెల మీద, ముళ్ల మీద చీకట్లో మెరవడానికి వేసిన పూత గోధుమ రంగుకు తిరిగిపోయింది. మనవడు లైటు ఆర్పి చూశాడు. వెలుగు లేదు.

"అమ్మమ్మా, దీని పని అయిపోయింది. ఇక భయం లేదు" అన్నాడు.

ఆవిడ ఫిజిక్స్ టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. "వెలగడం మానేసింది, అంతే. రేడియం ఎక్కడికీ పోలేదురా" అంది.

ఆవిడ మాటే నిజం. ఆ పూతలో రెండు పదార్థాలుంటాయి: రేడియోధార్మికమైన రేడియం, జింక్ సల్ఫైడ్. రేడియం నుంచి వచ్చే కిరణాలు తగిలితే జింక్ సల్ఫైడ్ మెరుస్తుంది. ఏళ్ల తరబడి ఆ దెబ్బలు తిని తిని జింక్ సల్ఫైడ్ పాడైపోతుంది, డయల్ నల్లబడుతుంది. రేడియం మాత్రం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. ఎనభై ఏళ్ల నాటి వాచీలో ఇప్పటికీ నూటికి తొంభై ఆరు పాళ్లు మిగిలే ఉంటుంది. కాబట్టి చీకట్లో చూసే పరీక్ష ఒక వైపే పనికొస్తుంది. రెండు మూడు రోజులు చీకటి డబ్బాలో ఉంచినా డయల్ దానంతటదే వెలుగుతుంటే అందులో రేడియోధార్మిక పదార్థం ఉన్నట్టే. వెలగకపోతే ఏమీ తేలనట్టు.

ఇద్దరూ రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ ఒకటి అరువు తెచ్చుకున్నారు. వాచీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ముందు ఖాళీ బల్ల మీద కొలిచారు. నిమిషానికి ఇరవై చిల్లర. ఆ అంకె రాసుకోకుండా వాచీ దగ్గరికి వెళ్తే తర్వాత దేనితో పోల్చాలో తెలియదు. డయల్‌కు ఆనించగానే వెయ్యి దాటింది. మూరెడు దూరం జరిపేసరికి దాదాపు మొదటి అంకెకు వచ్చేసింది. ఇలాంటి వాచీని కాసేపు దూరంగా పెట్టి చూసినందుకు కంగారు పడక్కర్లేదు. (డయల్ అడుగున T SWISS T అని ఉంటే అది ట్రిటియం అనే మరో రేడియోధార్మిక పదార్థం. దాని కిరణాలు అద్దం దాటవు, కౌంటర్ పలకదు.)

అక్కడితో ఆపితే బాగుండేది. అద్దం అడ్డు తీస్తే రీడింగ్ ఇంకా పెరుగుతుందని పిల్లాడికి తోచింది. అమ్మమ్మ లోపలికి వెళ్లగానే కవర్లోంచి తీసి, చాకు మొనతో అద్దం లేపాడు. ఎండి పెళుసెక్కిన పూత చిటికెడు పొడిగా బల్ల మీద రాలింది. దాన్ని ఊదబోతుంటే ఆవిడ వచ్చింది.

"ఊదకు! చేతులు అక్కడే ఉంచు!"

పాత వాచీలతో జనం చేసే పెద్ద తప్పు ఇదే. నేను చూసిన ప్రతి గొడవా అద్దం తీయడంతోనే మొదలైంది. రేడియం నుంచి వచ్చే కిరణాల్లో ఆల్ఫా అనే రకాన్ని అద్దం ఆపుతుంది, చర్మం కూడా ఆపుతుంది. అదే పొడి ముక్కులోకో నోట్లోకో పోతే ఆపేదేమీ లేదు. శరీరం రేడియాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. 1920ల ముందూ వెనకా అమెరికాలో డయళ్లకు ఈ పూత వేసిన అమ్మాయిలు కుంచె మొనను పెదాలతో సన్నగా చేసేవారు. చాలామందికి దవడ ఎముకలు కుళ్లిపోయాయి, కొందరు చనిపోయారు.

ఆవిడ ఫ్యాన్ ఆపింది. గ్లవ్స్, మాస్క్ వేసుకుని తడి కాగితాన్ని పొడి మీద పరిచి, లోపలికి మడిచి తీసింది. ప్రతిసారీ కొత్త కాగితం. కాగితాలు, చాకు, గ్లవ్స్ అన్నీ ఒక జిప్ కవర్లోకి, వాచీ మరో కవర్లోకి. పిల్లాడి చొక్కా కూడా కవర్లోకే వెళ్లింది. తర్వాత వాడికి సబ్బుతో చేతులు, గోళ్ల సందులతో సహా కడిగించింది.

ఇక వరసగా చెబుతాను, పాటించండి.

అద్దం ఊడదీయకండి. అద్దం ముందే పగిలి ఉంటే పరీక్షలే వద్దు, నేరుగా కవర్లో వేసి మూసేయండి.

పొడి రాలితే చీపురు, వాక్యూమ్ క్లీనర్ ముట్టుకోవద్దు. రెండూ దాన్ని గాల్లోకి లేపుతాయి.

పూత గీకి చూడొద్దు. గోటితో కూడా.

డయల్‌కు కొత్త పూత మీరే వేయాలని చూడొద్దు.

పడకగదిలో పెట్టొద్దు. రేడియం నుంచి రేడాన్ అనే వాయువు వస్తుంది. మూసిన అల్మారాలో నాలుగైదు వాచీలు కలిపి పెడితే అది పేరుకుంటుంది. గాలి ఆడే చోట, పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి.

తింటూ, తాగుతూ వాచీ ముట్టుకోవద్దు.

బల్ల మీద కౌంటర్ మామూలు అంకె చూపించింది కదా అని ఒంట్లోకి ఏమీ పోలేదనుకోవద్దు. పీల్చిందీ మింగిందీ ఇంట్లో వాడే కౌంటర్‌కు తెలియదు. పొడి నోట్లోకి పోయిందని అనుమానం వస్తే డాక్టరుకు రేడియం అన్న మాట స్పష్టంగా చెప్పండి.

చెత్తబుట్టలో వేయొద్దు. కాల్చొద్దు. మీ దేశంలో రేడియేషన్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థను అడగండి.

మళ్లీ చెబుతున్నా, అద్దం ఊడదీయకండి. రిపేరుకు ఇచ్చేటట్టయితే డయల్ మీద రేడియం ఉందని ముందే చెప్పి ఇవ్వండి. లేకపోతే ఆ అద్దం తీసేది ఏమీ తెలియని రిపేరు మనిషి.