లిస్టు కంఠతా వచ్చినా ఫ్రేజల్ వెర్బ్ ఎందుకు తప్పుతోంది: అప్, ఆఫ్, అవుట్‌లతో సమస్య - పరిష్కారం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగం దగ్గర ఇంగ్లిష్. డిగ్రీకి వచ్చేసరికి వ్యాకరణం చాలావరకు పట్టుబడుతుంది. క్రియకు అప్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే ఫ్రేజల్ వెర్బ్‌ల దగ్గరే బండి ఆగుతుంది. ‘గివ్ అప్ అంటే ఏమిటి?’ అని అడిగితే మానుకోవడం అని టక్కున చెబుతారు. అదే మాట్లాడుతూ ఉండగా అప్ వేయాలో, ఆఫ్ వేయాలో తేలక ఆగిపోతారు. ఆ మాటే వదిలేసి చుట్టూ తిరిగి ఇంకేదో చెబుతారు.

మన లిస్టులన్నీ క్రియ పేరుతో ఉండడమే దీనికి కారణం. గెట్ కింద ఇరవై, పుట్ కింద ఇరవై. నిజానికి గెట్, పుట్, గో లాంటి క్రియలకు సొంత అర్థం పలచన. పనంతా పక్కనున్న చిన్న మాట చేస్తుంది. దాన్ని పార్టికల్ అంటారు. 1981లో సూసన్ లిండ్నర్ అనే భాషావేత్త అప్, అవుట్ అనే రెండు పార్టికల్స్ మీదే ఒక పెద్ద పరిశోధన రాసింది. వందల ఫ్రేజల్ వెర్బ్‌లలో వాటి అర్థాలు కొన్ని గుంపులుగా ఒదుగుతాయని అందులో చూపించింది. ఇక్కడ మూడే పార్టికల్స్ తీసుకుంటున్నాను. మన దగ్గర వినిపించే తప్పుల్లో ఎక్కువ భాగం వీటి దగ్గరే పడుతుంది.

సమస్య: ‘ఫిల్ అప్ ద ఫారం’, ‘కోప్ అప్ విత్ టెన్షన్’

అవసరం లేని చోట కూడా అప్ వచ్చి కూర్చుంటోంది.

కారణం: అప్ అంటే పైకి అన్న ఒక్క అర్థమే మనసులో ఉంది. దానికి ఇంకో రెండు అర్థాలున్నాయి. మొదటిది, చివరిదాకా. ట్యాంకులో నీళ్లు పైకి వస్తూ వస్తూ అంచుకు చేరితే ఇక నింపడానికి ఏమీ మిగలదు. ‘ఫిల్ అప్ ద ట్యాంక్’ అన్నది అక్కడిదే. ఆ పూర్తయిన భావమే ఈట్ అప్, యూజ్ అప్, టేర్ అప్, డ్రై అప్‌లలోకి పాకింది. వీటిలో పైకి వెళ్లేది ఏదీ లేదు, ఏమీ మిగల్లేదన్న సంగతి మాత్రమే ఉంది. రెండో అర్థం, దగ్గరికి చేరడం. క్యాచ్ అప్ అంటే ముందున్నవాణ్ణి అందుకోవడం, కీప్ అప్ అంటే వెనకబడకుండా వాళ్లతో సమానంగా సాగడం, టర్న్ అప్ అంటే వచ్చి కనబడడం.

పరిష్కారం: మొదటి అర్థానికి మన దగ్గరే ఒక కొలత ఉంది. ‘తిన్నాడు’, ‘తినేశాడు’ రెండూ ఒకటి కాదు. రెండోదానిలో కంచంలో ఏమీ మిగల్లేదు. ‘హి ఏట్ ద రైస్’, ‘హి ఏట్ అప్ ద రైస్’ మధ్య తేడా సరిగ్గా అదే. ‘కాగితం చింపేశాడు’ అంటే టోర్ అప్. ‘డబ్బంతా వాడేశాను’ అంటే యూజ్డ్ అప్. ఒడియాలో చదువుకున్నవాళ్లకు, తినేశాడు అని చెప్పే ‘ఖాయిదేలా’ అన్న రూపం కూడా ఇక్కడ సాయం చేస్తుంది. అయితే ఇది ఒక వైపు తూచే తక్కెడ మాత్రమే. మనం ‘పారేయ్’, ‘ఆపేయ్’ అని కూడా అంటాం, వాటికి ఇంగ్లిష్‌లో అప్ రాదు. త్రో అవే, టర్న్ ఆఫ్ వస్తాయి. వస్తువు ఖర్చయిపోవడం, నిండిపోవడం, ముక్కలైపోవడం ఉన్నచోటే ఈ కొలత నమ్మండి.

ఇప్పుడు ఫారం సంగతి. ఫారంలో ఖాళీలుంటాయి, వాటి లోపల రాస్తాం కాబట్టి ఫిల్ ఇన్. మొదటి గడి నుంచి చివరి గడి దాకా పూర్తి చేశామన్న భావంతో ఫిల్ అవుట్ అని కూడా అంటారు, అమెరికాలో ఇదే ఎక్కువ. మన బ్యాంకు కౌంటర్‌లో ఫిల్ అప్ అంటే అందరికీ అర్థమవుతుంది, ఎవరూ తప్పు పట్టరు. బయటి దేశం వాళ్లకు రాసేటప్పుడు మాత్రం దాన్ని పెట్రోల్ ట్యాంకుకు వదిలేయడం మంచిది.

కోప్ దగ్గర కథ వేరు. తట్టుకోవడం అన్న అర్థం ఆ క్రియలోనే పూర్తిగా ఉంది. కీప్ అప్ విత్, క్యాచ్ అప్ విత్ చెవిలో పడి పడి ఆ వరుసలో దీనికీ అప్ తగిలించేస్తున్నాం. కీప్ అప్‌లో ఒకరు ముందు, ఒకరు వెనక ఉంటారు, మధ్య దూరం ఉంటుంది. టెన్షన్‌తో మనకు అలాంటి పరుగు పందెం లేదు. కోప్ విత్ చాలు.

సమస్య: ‘ది అలారం వెంట్ ఆఫ్’ అంటే అలారం ఆగిపోయిందనుకోవడం

మీడియం స్థాయి వాళ్లను పరీక్షించాలంటే ఈ ఒక్క వాక్యం చాలు. చాలామంది ఆగిపోయింది అనే చెబుతారు. అసలు అర్థం, అలారం మోగింది.

కారణం: ఆఫ్ అనగానే గోడ మీది స్విచ్ గుర్తొస్తుంది. స్విచ్ అన్నది ఆఫ్‌కు ఒక కొమ్మ మాత్రమే. వేరు మాత్రం, అంటుకుని ఉన్నది విడిపోవడం.

పరిష్కారం: ఆఫ్ కనబడినప్పుడల్లా ‘ఏది, దేని నుంచి విడింది?’ అని అడగండి. గుణుపురం నుంచి నౌపడ వెళ్లే రైల్లో పాతపట్నంలో దిగితే గెట్ ఆఫ్, మీరు రైలు నుంచి విడిపోయారు. చొక్కా విప్పితే టేక్ ఆఫ్, ఒంటి నుంచి విడింది. ఫోన్ మాట్లాడుతుంటే లైను తెగితే కట్ ఆఫ్. కరెంటు పోతే ‘ది పవర్ వెంట్ ఆఫ్’, సరఫరా నుంచి మన ఇల్లు విడిపోయింది. మీటింగ్‌ను ఉన్న తేదీ నుంచి విడదీసి తర్వాతి తేదీకి జరిపితే పుట్ ఆఫ్, అసలు లేకుండానే తీసేస్తే కాల్ ఆఫ్. ఈ రెండూ కలిపేసుకుంటే నష్టం: పుట్ ఆఫ్ అయిన ఇంటర్వ్యూకు మళ్లీ వెళ్లాలి, కాల్ ఆఫ్ అయినదానికి వెళ్లక్కర్లేదు.

మరి అలారం? సమయం వచ్చేదాకా అది బిగబట్టి ఉంది, ఆ పట్టు నుంచి ఒక్కసారిగా విడింది. తుపాకీ పేలినా గో ఆఫే, టపాకాయ కాలిస్తే సెట్ ఆఫ్. ఊరికి బయల్దేరినా సెట్ ఆఫ్ అంటారు, ఉన్నచోటును వదిలి కదిలాం కదా. అలారం ఆపడం చెప్పాలంటే మనిషిని ముందుకు తీసుకురండి: ‘ఐ టర్న్‌డ్ ఆఫ్ ది అలారం’. తేడా పార్టికల్‌లో లేదు. గో అన్నప్పుడు వస్తువు దానంతట అదే విడింది, టర్న్ అన్నప్పుడు మీరు విడదీశారు.

తెలియని మాట మీద ఈ ప్రశ్న ప్రయోగించి చూద్దాం. పన్ను పీకించుకున్నాయన ‘ది ఇంజెక్షన్ వోర్ ఆఫ్’ అన్నాడు. వేర్ అంటే అరిగిపోవడం. అరుగుతూ అరుగుతూ ఏది, దేని నుంచి విడింది? మత్తు, చిగురు నుంచి. అంటే మత్తు దిగిపోయింది, ఇప్పుడు నొప్పి తెలుస్తోంది. లిస్టులో లేని మాటకు డిక్షనరీ తీయకుండా అర్థం వచ్చింది. ఆ తర్వాత డిక్షనరీ తీసి సరిచూసుకోవడం మాత్రం మానకండి.

సమస్య: ‘మిల్క్ ఈజ్ ఓవర్’, ‘ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2022’

పాలు అయిపోయాయి అనడానికి మొదటిది, డిగ్రీ పూర్తయింది అనడానికి రెండోది. మన దేశంలో రెండూ చెల్లుతాయి, బయట రెండూ తడబాటు తెస్తాయి.

కారణం: ‘అయిపోయింది’ అని మనం మ్యాచ్‌కూ అంటాం, పాలకూ అంటాం. ఇంగ్లిష్ ఈ రెండింటినీ విడిగా చూస్తుంది. మ్యాచ్, పెళ్లి, పరీక్ష లాంటి జరిగే సంగతులకు ఓవర్. నిల్వ ఉన్న సరుకు ఖాళీ అయితే రన్ అవుట్.

పరిష్కారం: అవుట్ అంటే లోపల ఉన్నది బయటికి రావడం. దీనికి రెండు ఫలితాలు. డబ్బా లోపల ఉన్నదంతా బయటికి వస్తే డబ్బా ఖాళీ: రన్ అవుట్, సెల్ అవుట్, డై అవుట్. దాగి ఉన్నది బయటికి వస్తే సంగతి తెలుస్తుంది: ఫైండ్ అవుట్, ఫిగర్ అవుట్, టర్న్ అవుట్. కొత్త మాట వచ్చినప్పుడు డబ్బా ఖాళీ అయిందా, సంగతి తెలిసిందా అని చూస్తే చాలావరకు తేలిపోతుంది.

వాక్యం కట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. సరుకు కర్త అయితే ‘ది మిల్క్ రాన్ అవుట్’. మనం కర్త అయితే ఆఫ్ అనే ఇంకో మాట కావాలి: ‘వి రాన్ అవుట్ ఆఫ్ మిల్క్’. ఇది ఇందాకటి ఆఫ్ కాదు, రాతలో ఒకటే ఎఫ్ ఉన్నది. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనబడతాయి కాబట్టి నోట్సు ఇంగ్లిష్‌లో రాసుకోండి. వంటగ్యాస్ విషయంలో కుకింగ్ గ్యాస్ అని పూర్తిగా అనండి. ఉత్త గ్యాస్ అంటే అమెరికావాళ్లకు పెట్రోల్.

పాస్ అవుట్‌కు బయట ఎక్కువగా వాడే అర్థం స్పృహ తప్పడం. సైనిక శిక్షణ పూర్తి చేసినవాళ్లకు పాసింగ్ అవుట్ పరేడ్ ఉంటుంది, అక్కడ ఆ మాట సరైనదే. కాలేజీకి గ్రాడ్యుయేటెడ్ అనేయండి.

సమస్య: ‘టర్న్ ఆఫ్ ఇట్’

ఇట్, దెమ్, హిమ్ లాంటి సర్వనామం ఉంటే అది మధ్యలోకి రావాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. పేరు ఉంటే రెండు చోట్లా కుదురుతుంది, ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’, ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’. ఈ పరీక్షనే వాడండి: ఫ్యాన్ మధ్యలోకి వెళ్లగలిగితే, ఇట్ మధ్యలోకి వెళ్లి తీరాలి. ‘లుక్ ఆఫ్టర్ ద బేబీ’ని అలా జరపలేం, కాబట్టి ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ సరైనదే. రైలు దిగడం కూడా ఈ రెండో జాతే. ‘గెట్ ద ట్రైన్ ఆఫ్’ అనం, అందుకే ‘గెట్ ఆఫ్ ఇట్’.

ఒక కేసు

ఒక డిగ్రీ విద్యార్థి కాలేజీకి రాసిన ఉత్తరంలో మూడు వాక్యాలు: ‘ఐ ఫిల్డ్ అప్ ద ఫారం. దెన్ ది ఇంటర్నెట్ డేటా వాజ్ ఓవర్. ప్లీజ్ కాల్ ఆఫ్ ద లాస్ట్ డేట్ టు మండే.’ మొదటిదానిలో ఖాళీల లోపల రాశాడు కాబట్టి ఫిల్డ్ ఇన్. రెండోదానిలో డేటా సరుకు లాంటిది, జరిగే సంగతి కాదు, కాబట్టి ‘మై డేటా రాన్ అవుట్’. మూడోదానిలో అతను తేదీ రద్దు చేయమనడం లేదు, సోమవారానికి జరపమంటున్నాడు. పుట్ ఆఫ్ అర్థం కుదురుతుంది గానీ, గడువు విషయంలో ఎక్స్‌టెండ్ అన్న మామూలు మాటే ఆఫీసు ఉత్తరానికి నప్పుతుంది. ఫ్రేజల్ వెర్బ్ వచ్చు కదా అని ప్రతిచోటా వాడక్కర్లేదు.

ఇక లొంగనివి

పుట్ అప్ విత్ అంటే భరించడం. ఇందులో పైకి వెళ్లేదీ, పూర్తయ్యేదీ, దగ్గరికి వచ్చేదీ ఏమిటని తవ్వుతూ కూర్చోవద్దు, కల్పించిన కారణం కన్నా కంఠస్థం మేలు. నోట్‌బుక్‌లో ఒక్కో పార్టికల్‌కు ఒక పేజీ తీసి, ఆ పేజీని పైన చెప్పిన అర్థాలుగా విడగొట్టి, మాట ఒక్కటే కాకుండా మీరు విన్న వాక్యం మొత్తం రాయండి. ఏ అర్థంలోనూ ఇమడనిదాన్ని చివరి పేజీలో వేయండి. ఆ పేజీలో చేరినవాటిని మాత్రం పాత పద్ధతిలోనే బట్టీ పట్టండి.