ఫ్యాక్టరీలో చిన్న గాయమైతే ప్రమాద నివేదిక ఎలా రాయాలి?

డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర ఎవరికైనా వేలు తెగిందంటే ఆ నివేదికలో ఏముంటుందో చదవకుండానే చెప్పగలను. "ఆపరేటర్ అజాగ్రత్త వల్ల, గ్లౌజులు ధరించకపోవడం వల్ల గాయమైనది. ఇకపై జాగ్రత్తగా ఉండమని హెచ్చరించడమైనది." కింద ఒక సంతకం, అంతటితో ఫైలు మూత. గాయం ఎలా అయిందో అందులో ఒక్క ముక్క ఉండదు. పైగా తిరిగే డ్రిల్ దగ్గర గ్లౌజులు వేసుకోనే కూడదు. గ్లౌజు డ్రిల్‌కు చుట్టుకుంటే చెయ్యి మొత్తం లోపలికి లాక్కుపోతుంది. అంటే ఆ మనిషి సరిగ్గా చేసిన ఒక్క పనినీ తప్పుల జాబితాలో చేర్చారు. డ్రిల్ కోసేటప్పుడు మెలికలు తిరిగి వచ్చే లోహపు పీలికను, అంటే చిప్‌ను, చేత్తో లాగినప్పుడు వేలు తెగిందనుకుందాం. ఈ ఉదాహరణనే తీసుకుని, అలాంటి నివేదికను ఎలా రాయాలో చెబుతాను.

మొదటి పది నిమిషాలు

ముందు ప్రథమ చికిత్స, ఆ తర్వాతే కాగితం. మెషీన్ ఆపించండి, ఊడ్చేవాళ్లను దగ్గరికి రానీయకండి, ఫోనుతో రెండు మూడు ఫొటోలు తీయండి. ఒక తెల్ల కాగితం, పెన్ను, కొలత టేపు చాలు. పెన్సిల్‌తో రాయకండి. అచ్చు ఫారాన్ని కూడా అప్పుడే ముట్టుకోకండి. అందులో "ప్రమాదానికి కారణం" అన్న గడి కనిపించగానే చెయ్యి ముందు దానినే నింపేస్తుంది. మిగతా వివరాలన్నీ ఆ గడికి తగ్గట్టు వంగిపోతాయి. జరిగినదంతా తెల్ల కాగితం మీద రాసుకుని, ఫారం తర్వాత నింపండి. ఇదంతా అదే షిఫ్టులో పూర్తి కావాలి. మర్నాటికి అందరూ ఒకే కథ చెప్పడం మొదలుపెడతారు.

గాయపడిన మనిషితో మాట్లాడటం

కట్టు కట్టించుకుని కాస్త తేరుకున్నాక మెషీన్ దగ్గరే మాట్లాడండి. ఆఫీసుకు పిలిపిస్తే అది విచారణ అయిపోతుంది. "చిప్‌ను ఎందుకు చేత్తో తీశారు?" అని అడిగితే వచ్చే జవాబు "పొరపాటైంది సార్" అన్నదే. దానితో నివేదికకు పనేమీ లేదు. "మెషీన్ ఆపాక ఏం కనిపించింది? తర్వాత ఏం చేశారు?" అని వరుసగా అడగండి. కారణాన్ని తవ్వడానికి ఐదుసార్లు "ఎందుకు" అని అడిగే పద్ధతి ఒకటి చాలా చోట్ల నేర్పుతారు. దాన్ని రెండు రోజుల తర్వాత, నివేదిక చేతిలో పెట్టుకుని, సమావేశంలో వాడుకోండి. రక్తం ఆరని మనిషి ముందు రెండో "ఎందుకు"కే అది నిలదీయడం అవుతుంది.

జరిగినది రాయడం

అందరూ తప్పేది ఇక్కడే, అందుకే నెమ్మదిగా చెబుతాను.

అజాగ్రత్త, నిర్లక్ష్యం, తొందరపాటు లాంటి మాటలు కొట్టేయాలని చాలామందికి తెలుసు. కొట్టేస్తారు కూడా. కానీ నింద వేరే దారిలో లోపలికి వస్తుంది. "బ్రష్ వాడలేదు", "సూపర్‌వైజర్‌కు చెప్పలేదు", "డ్రిల్‌ను తిప్పే స్పిండిల్ ఆగేదాకా ఆగలేదు" అని రాస్తారు. ఇవన్నీ నిజాలే కదా అంటారు. జరగని పనులు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో ఈ మూడింటినే ఏరి రాశామంటే తీర్పు ముందే ఇచ్చేశామన్నమాట. కాబట్టి "చేయలేదు" అన్న వాక్యం కనిపించిన ప్రతిచోటా రెండు సంగతులు కనుక్కోండి. ఆ క్షణంలో ఆయన చేసిన పని ఏమిటి? వాడలేదంటున్న ఆ వస్తువు అప్పుడు ఎక్కడుంది? "బ్రష్ వాడలేదు" అనేదాని వెనక ఆ బ్రష్ మరో మెషీన్ దగ్గర ఉందన్న సంగతి దొరుకుతుంది. అప్పుడు టేపు తీసి దూరం కొలవండి.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఇంకొకటి ఉంది. నింద వద్దన్నారు కదా అని మనిషినే మాయం చేస్తారు. "చిప్ తొలగించబడుచుండగా వేలు తెగినది" అని రాస్తారు. ఎవరు తొలగించారు? ఏ చేత్తో? మెషీన్ తిరుగుతోందా? ఏదీ తెలియదు. ఆపరేటర్ చేత్తో లాగారంటే "ఆపరేటర్ కుడిచేత్తో లాగారు" అనే రాయండి. చేసిన పనిని చెప్పడంలో నింద లేదు. దానికి గుణం అంటగట్టడంలో ఉంది.

ఇక, మీరు చూసినది, ఇతరులు చెప్పినది, ఎవరికీ తెలియనిది మూడూ విడివిడిగా కనబడాలి. తెలియనిదాన్ని ఊహతో పూరించకండి, తెలియదని రాయండి. ఆ షిఫ్టులో అదే పని చేసే మిగతావాళ్లు దాన్ని ఎలా చేస్తారో తప్పకుండా అడగండి. నూటికి తొంభై నివేదికల్లో లేనిది ఈ వాక్యమే. అందరూ చేత్తోనే తీస్తుంటే అది ఒక మనిషి అలవాటు కాదు, ఆ షాపులో పని నడిచే తీరు.

ఇవన్నీ పాటిస్తే మన ఉదాహరణ ఇలా తయారవుతుంది:

"బి షిఫ్టు, 15:20. 3వ నంబరు పిల్లర్ డ్రిల్లింగ్ మెషీన్. 12 మి.మీ. మందం గల మైల్డ్ స్టీల్ ప్లేటుకు 10 మి.మీ. రంధ్రాలు వేసే పని. ప్లేటు వైస్‌లో బిగించి ఉండటం చూశాను. నాలుగో రంధ్రం అయ్యాక సుమారు అడుగు పొడవు చిప్ డ్రిల్‌కు చుట్టుకుని ఉందని ఆపరేటర్ చెప్పారు. స్టాప్ బటన్ నొక్కి, చిప్‌ను కుడిచేత్తో లాగానని ఆయన చెప్పారు. అప్పటికి స్పిండిల్ పూర్తిగా ఆగిందో లేదో ఆయనకు గుర్తులేదు, వేరెవరూ చూడలేదు. కుడి చూపుడువేలు లోపలివైపు సుమారు 2 సెం.మీ. తెగింది. చిప్స్ తీసే కొక్కెం, బ్రష్ 1వ నంబరు మెషీన్ పక్కన గోడకు ఉన్నాయి. కొలిస్తే 9 మీటర్లు. షాపులో వేరే జత లేదు. మిగతా ఇద్దరు డ్రిల్లింగ్ ఆపరేటర్లు కూడా చిప్స్ చేత్తోనే తీస్తామని చెప్పారు."

పొడవుగా ఉందంటారా? ఒక పేజీలో సగం కూడా లేదు. చదివిన మేనేజర్‌కు మాత్రం ఏం కొనాలో, దాన్ని ఎక్కడ తగిలించాలో వెంటనే తెలుస్తుంది.

చేయవలసిన పనులు

వీటిని వేరే కాగితం మీద రాయండి. "శిక్షణ ఇచ్చాము", "హెచ్చరించాము" అన్నవి రాయకండి. ప్రతి మెషీన్‌కూ ఒక కొక్కెం, ఒక బ్రష్ పెట్టాలి. డ్రిల్‌ను ఒకే ఊపున దించకుండా మధ్యమధ్యలో కొంచెం పైకి ఎత్తుతూ దించితే చిప్ పొడుగ్గా సాగకుండా ముక్కలవుతుంది. ఆ పద్ధతిని మెషీన్ పని సూచనలుండే జాబ్ కార్డులో చేర్చాలి. ప్రతి పనికీ ఎవరు, ఏ తేదీలోగా అన్నది ఉండాలి.

చదివి వినిపించడం, సంతకం

నివేదికను తెలుగులో రాయండి. ఇంగ్లీషులో రాసి, తెలుగు మాత్రమే వచ్చిన మనిషి చేత సంతకం పెట్టించడం నాకు అస్సలు నచ్చదు. గట్టిగా చదివి వినిపించి, "ఇందులో మీరు చెప్పనిది ఏమైనా ఉందా?" అని అడగండి. ఆయన ఏదైనా మార్చమంటే పాత మాట కనబడేలా ఒక గీత గీసి, పక్కన కొత్తది రాసి, ఇద్దరూ పొట్టి సంతకం పెట్టండి. హిందీ లేదా ఒడియా మాట్లాడే కార్మికుడైతే ఆ భాష వచ్చిన తోటి కార్మికుణ్ని పక్కన కూర్చోబెట్టండి.

ఈఎస్ఐ వర్తించే ఫ్యాక్టరీ అయితే అక్కడి ప్రమాద పుస్తకంలోనూ ఇదే సమయం, ఇదే వేలు ఉండాలి. నివేదికలో కుడిచెయ్యి, పుస్తకంలో ఎడమచెయ్యి అని ఉంటే, గాయానికి చీము పట్టి సెలవు పెట్టాల్సి వచ్చినప్పుడు తిప్పలు పడేది ఆ కార్మికుడే. చిన్న గాయమే కదా అని ఫైలును వెంటనే అలమారలో పెట్టేయకండి. గాయం వల్ల మనిషి 48 గంటలు లేదా అంతకు మించి పని చేయలేకపోతే ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి నోటీసు పంపాలి. అందుకే మూడో రోజు షిఫ్టు మొదలయ్యేటప్పుడు హాజరు పట్టీ చూసి, ఆయన పనిలోకి వచ్చారో లేదో అదే కాగితం కింద తేదీ వేసి రాయండి.