7వ పాఠం: నాలుగో ఆటోలో చోటు

పోయిన వారం లెక్కకు మీరు పంపిన ఫోటోలు చూశాను. సగానికి పైగా ఒకటే జవాబు, 0.08192. రావాల్సింది 0.1024. కాబట్టి కొత్త పాఠం ఆపి, ఒక్క ఫోటోనే ముందు పెట్టుకుని కూర్చుందాం.

లెక్క గుర్తుందిగా? ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దిగి షేర్ ఆటో కోసం నిలబడ్డారు. వచ్చే ఒక్కో ఆటోలో చోటుండే సంభావ్యత 0.2 అనుకున్నాం. మొదటిసారి చోటు దొరికేది సరిగ్గా నాలుగో ఆటోలో అయ్యే సంభావ్యత ఎంత? ఫోటోలో మొదటి వరుసే ఇది:

```
P(X = 4) = (0.8)^4 × 0.2
```

గుణకారంలో తప్పు లేదు. X అంటే ఏమిటో రాయకపోవడమే తప్పు. జామెట్రిక్ డిస్ట్రిబ్యూషన్‌ని పుస్తకాలు రెండు రకాలుగా రాస్తాయి. కొన్నిటిలో X అంటే మొత్తం ఎన్ని ఆటోలు చూశాం అని, కొన్నిటిలో చోటు దొరికేలోపు ఎన్ని వదిలేశాం అని. ఒకదాని సూత్రంలో ఇంకొకదాని 4 వేస్తే, మీరు నాలుగు వదిలేసి అయిదోది ఎక్కినట్టు.

ఒకరు R లో `dgeom(4, 0.2)` కొట్టి అదే వచ్చిందని వాదించారు. వస్తుంది మరి, R లెక్కపెట్టేది వదిలేసినవాటినే. మన ప్రశ్నకు `dgeom(3, 0.2)` కొట్టాలి.

నేనైతే సూత్రం జోలికే పోను. కాగితం మీద డబ్బాలు గీస్తాను: నిండు, నిండు, నిండు, చోటు. కింద 0.8, 0.8, 0.8, 0.2. గుణిస్తే 0.1024.

సగటుకూ నాది అడ్డదారే. మొత్తం ఆటోల సగటు E అనుకోండి. ఒక ఆటో ఎలాగూ చూడాలి. అది నిండుగా ఉంటే కథ మళ్లీ మొదటికి:

```
E = 1 + 0.8E,  E = 5
```

వదిలేసిన ఆటోల సగటు 4. ఫోటోలో X ను వదిలేసినవిగా వాడి సగటు దగ్గర 5 రాశారు. తప్పు అక్కడే దొరికిపోయింది.

ఇదంతా ప్రతి ఆటోకూ 0.2 మారకుండా, ఒకదాని సంగతి ఇంకోదానికి పట్టకుండా ఉంటేనే. రైలు దిగిన జనం ఒక్కసారి బయటికొస్తే వరసగా అన్నీ నిండే వెళ్తాయి. అప్పుడీ లెక్క చెల్లదు.

అభ్యాసం ఒక్కటే, కాస్త గట్టిది. గిన్నెలో 10 పలాస జీడిపప్పులు, వాటిలో 2 బద్దలు. చూడకుండా ఒక్కొక్కటే తీసి తినేస్తున్నారు. మొదటి బద్ద వచ్చేసరికి సగటున ఎన్ని తీస్తారు? 5 కాదు, 11/3. ఎందుకు తగ్గిందో డబ్బాలు గీసి చూపించండి. ఫోటోలో మొదటి వరుస "X అంటే" అని మొదలవకపోతే మిగతాది చదవను.