యాంటీబయాటిక్, క్యాల్షియం మాత్ర ఒకేసారి మింగేస్తున్నారా?

మొన్న ఇక్కడ పెరంబూర్‌లో మా కింది వాటా పిన్నిగారికి యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తే సిప్రోఫ్లాక్సాసిన్ 500 రోజుకు రెండుసార్లు రాశారు. మూడు రోజులైనా మంటా తగ్గలేదు, జ్వరమూ తగ్గలేదు. కల్చర్ రిపోర్టు చూస్తే ఆ క్రిమి సిప్రోకి లొంగేదే. అప్పుడు డాక్టర్ గారు ఆవిడ మాత్రల కవర్లు తెమ్మన్నారు. అన్నింటి మీదా పెన్నుతో 'టిఫిన్ తర్వాత', 'రాత్రి భోజనం తర్వాత' అనే ఉంది. పొద్దున సిప్రోతో క్యాల్షియం, జింక్ క్యాప్సూల్, రాత్రి సిప్రోతో ఐరన్, అన్నీ గుప్పిట్లో పోసుకుని ఒకే గుక్కలో మింగుతున్నారు.

ఇదే తప్పు. ఎన్ని ఇళ్లలో చూశానో. ఈ ఖనిజాలు పేగులోనే సిప్రోని గట్టిగా పట్టేసుకుంటాయి, ఆ ముద్ద రక్తంలోకి ఎక్కదు, చాలావరకు అలాగే బయటికి పోతుంది. మందు వేసుకున్నా ఒంటికి అందేది కొంచెమే. ఆ కొంచెంతో క్రిమి చావదు, మందుకు అలవాటుపడి మొండికెత్తే అవకాశం కూడా ఉంది.

సిప్రోకి లెక్క ఇది: క్యాల్షియం, ఐరన్, జింక్ వేసుకోవడానికి కనీసం 2 గంటల ముందు సిప్రో పడాలి, లేదా అవి వేసుకున్నాక 6 గంటలు ఆగి సిప్రో వేసుకోవాలి. పొద్దున 8కి, రాత్రి 8కి సిప్రో అనుకోండి. పొద్దున 10 లోపు ఖనిజం వద్దు, మధ్యాహ్నం 2 దాటాకా వద్దు. అంటే మధ్యాహ్నం భోజనం వేళ ఒక్కటే దారి. ఐరన్, క్యాల్షియం రెండూ రాసి ఉంటే ఈ కాస్త టైములో ఇరికించకండి, కోర్సు అయ్యేదాకా ఏది ఆపొచ్చో డాక్టర్నే అడగండి.

లీవోఫ్లాక్సాసిన్‌కి ముందూ వెనకా 2 గంటలు చాలు. మాక్సిఫ్లాక్సాసిన్‌కి అయితే ఖనిజానికి 4 గంటల ముందు, లేదా 8 గంటల తర్వాత. వానలప్పుడు ఎలుక జ్వరానికి ఇచ్చే డాక్సీసైక్లిన్‌కీ ఈ గొడవ ఉంది, ముఖ్యంగా ఐరన్‌తో. అమాక్సిసిలిన్‌కి లేదు.

ఇంకా వినండి. విటమిన్ క్యాప్సూల్ అట్ట వెనక జింక్ ఉందేమో చదవండి, బలం మాత్రే కదా అని వదలకండి. గ్యాస్‌కి తాగే తెల్ల యాంటాసిడ్ మందులోనూ అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి, దానికీ ఇదే దూరం. సిప్రోని పాలతో మింగొద్దు, నీళ్లతోనే. కవర్ మీద 'తర్వాత' అని కాదు, గంట రాయించుకోండి. పొరపాటున కలిపి మింగితే ఇంకో మాత్ర వేసుకోకండి, తర్వాతి డోసు దాని వేళకే వేసుకోండి. యాంటీబయాటిక్ మీ అంతట మీరు ఆపొద్దు. రెండు మూడు రోజులకీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి చీటీ ఒక్కటే కాదు, ఇంట్లో వాడే మాత్రలన్నీ పట్టుకెళ్లండి.