రెండు ట్రాన్సిస్టర్లతో కరెంట్ మిర్రర్: ఎలా కట్టాలి, ఎక్కడ తప్పుతుంది?

ఒక వైపు ఎంత కరెంటు పంపితే రెండో వైపు అంతే రావాలి, కరెంట్ మిర్రర్ పని అదే. బ్రెడ్‌బోర్డ్ మీద కడితే మాత్రం 20 శాతం దాకా తేడా చూపిస్తుంది.

ముందు జత వెతకాలి. ఒకే టేపులోంచి పది బీసీ547 ట్రాన్సిస్టర్లు తీసుకోండి. చదునైన ముఖం మనవైపు ఉంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఒక్కొక్కదానికి కలెక్టర్‌నీ బేస్‌నీ కలిపి, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా 12 వోల్టులు ఇచ్చి, ఎమిటర్‌ను గ్రౌండ్ చేయండి. చేత్తో ముట్టకుండా అర నిమిషం ఆగి బేస్, ఎమిటర్ మధ్య వోల్టేజీ చూడండి. ఒక మిల్లీవోల్టు లోపు కలిసిన రెండింటినే వాడండి. ఈ పట్టింపు ఊరికే కాదు: 18 మిల్లీవోల్టుల తేడాకు కరెంటు రెట్టింపవుతుంది, రెండు మిల్లీవోల్టులకే 8 శాతం మారుతుంది. ఒక్క డిగ్రీ వేడెక్కినా ఆ రెండు మిల్లీవోల్టుల తేడా వచ్చేస్తుంది.

ఇప్పుడు మిర్రర్ కట్టండి. కొలిచిన అమరికే మొదటి ట్రాన్సిస్టర్. అందులో సుమారు 1.13 మిల్లీఆంపులు పారతాయి. దాని బేస్‌కు రెండోదాని బేస్ కలిపి, ఎమిటర్లు రెండూ గ్రౌండ్ చేయండి. రెండో కలెక్టర్‌కు 12 వోల్టుల నుంచి 1 కిలోఓమ్, 6.8 కిలోఓమ్ వరసగా పెట్టండి. 1 కిలోఓమ్ మీద ఎన్ని వోల్టులుంటే అన్ని మిల్లీఆంపులు. బేస్‌లు తినే కరెంటు వల్ల, గెయిన్ 200 అయితే, ఒక శాతం తగ్గుతుంది. దాన్ని వదిలేయండి.

ఇక 6.8 కిలోఓమ్‌ను వైరుతో షార్ట్ చేయండి. కలెక్టర్ వోల్టేజీ మూడు నుంచి పదకొండు దగ్గరికి ఎగబాకుతుంది. కలెక్టర్ వోల్టేజీతో పాటు కరెంటు ఎంత పెరుగుతుందో చెప్పే అంకె ఎర్లీ వోల్టేజీ; అది వంద వోల్టులనుకుంటే అవుట్‌పుట్ రెసిస్టెన్స్ దాదాపు 90 కిలోఓమ్‌లు, కాబట్టి కరెంటు వెంటనే 0.09 మిల్లీఆంపు పెరుగుతుంది. అక్కడితో ఆగదు. మీటరు నిమిషం పాటు ఇంకా పాకుతూనే ఉంటుంది. అది అవుట్‌పుట్ రెసిస్టెన్స్ తప్పు కాదు, వేడి. అదనంగా పది మిల్లీవాట్లు ఒక్కదానిలోనే ఖర్చవుతున్నాయి; వాట్‌కు 200 డిగ్రీల లెక్కన రెండు డిగ్రీలు, అంటే మరో 15 శాతం. చటుక్కున దూకిందా, మెల్లగా పాకిందా అన్నదే గుర్తు.

బెజవాడ మే నెల ఎండ రెండింటికీ ఒకటే కాబట్టి దానితో పేచీ లేదు. ఫ్యాన్ గాలి ఒకదానికే తగిలితే మాత్రం రీడింగ్ నిలవదు. చదును ముఖాలు రెండూ ఆనించి దారంతో బిగించండి. అప్పుడు కాళ్ల వరస ఎదురుబొదురవుతుంది, చూసుకుని గుచ్చండి.

అసలు మందు, ఒక్కో ఎమిటర్ కింద ఒక శాతం రకం 220 ఓమ్ రెసిస్టర్. దాని మీద పావు వోల్టు పడుతుంది, కాబట్టి రెండు మిల్లీవోల్టుల తేడా 8 శాతం నుంచి 0.7 శాతానికి దిగుతుంది, అవుట్‌పుట్ రెసిస్టెన్స్ దాదాపు పది రెట్లవుతుంది. ఇక మిగిలేది ఆ రెండు రెసిస్టర్ల మధ్య తేడాయే, వాటినీ మీటరుతో జత చూసి పెట్టండి. బదులుగా కలెక్టర్ దగ్గర కనీసం అర వోల్టు ఉంచాలి. అంతకన్నా తగ్గితే ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లోకి జారి కరెంటు పడిపోతుంది.