యూకే డిపెండెంట్ వీసా: భార్య రాసే కవర్ లెటర్‌లో తేడాలు, సవరణలు

కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద యూకే వెళ్లేవాళ్లకు సాధారణంగా ‘సీనియర్ ఆర్ స్పెషలిస్ట్ వర్కర్’ వీసా వస్తుంది. భార్య డిపెండెంట్‌గా విడిగా అప్లై చేసుకోవాలి. కవర్ లెటర్ తప్పనిసరి కాదు, కానీ రాస్తే ఫారంకీ కాగితాలకీ పొంతన ఉండాలి.

సమస్య: “కొన్నాళ్లు ఉండి తిరిగి వచ్చేస్తాను, ఇక్కడ మాకు ఇల్లుంది, పొలముంది” అని లెటర్‌లో ఉంది.

కారణం: ఎవరిదో విజిట్ వీసా లెటర్ కాపీ కొట్టారు. టూరిస్టు తిరిగొస్తానని నమ్మించాలి. డిపెండెంట్ చూపించాల్సింది వేరు: ఇద్దరూ అక్కడ కలిసి ఉండబోతున్నారని.

పరిష్కారం: పొలం సంగతి తీసేయండి. భర్త వీసా గడువు తేదీ రాసి, అంతవరకూ ఆయనతోనే ఉంటానని చెప్పండి.

సమస్య: దానికి పూర్తి రివర్స్. “అక్కడే స్థిరపడాలనుకుంటున్నాం.”

కారణం: స్కిల్డ్ వర్కర్ వీసాతో కలిపేసుకున్నారు. ట్రాన్స్‌ఫర్ వీసా శాశ్వత నివాసానికి దారితీయదు. మామూలుగా ఆరేళ్లలో ఐదేళ్లకు మించి ఉండనివ్వరు (జీతం బాగా ఎక్కువైతే పదేళ్లలో తొమ్మిది).

పరిష్కారం: భర్త సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌లో ఏ రకం వీసా అని ఉందో చూసి, ఆ వాక్యం కొట్టేయండి.

సమస్య: భర్త ఫిబ్రవరిలో వెళ్లారు, భార్య ఏప్రిల్‌లో అప్లై చేస్తోంది. మధ్యలో ఎందుకు ఆగిందో లెటర్‌లో లేదు.

కారణం: చాలామంది దీన్ని దాచాల్సిన విషయం అనుకుంటారు. అక్కర్లేదు, కారణం కాగితంతో సహా చూపిస్తే సరిపోతుంది.

పరిష్కారం: హైదరాబాద్‌లో ఒక స్కూలు టీచర్ అనుకుందాం. ఆమె ఇలా రాయొచ్చు: “మా వారు ఫిబ్రవరిలో మాంచెస్టర్ ఆఫీసుకు బదిలీ అయ్యారు. విద్యా సంవత్సరం ముగిసేదాకా నేను ఉద్యోగంలో ఉండి, ఏప్రిల్ చివర రిలీవ్ అవుతున్నాను. మే నుంచి ఆయన అద్దెకు తీసుకున్న ఇంట్లోనే ఉంటాను. అక్కడ టీచింగ్ ఉద్యోగం వెతుక్కుంటాను.” దీనికి స్కూలు రిలీవింగ్ లెటర్, అద్దె అగ్రిమెంటు, పెళ్లి సర్టిఫికెట్ జతచేయాలి. ఉద్యోగం మాట రాయడానికి భయపడుతుంటారు గానీ, ఈ వీసా మీద భార్య పనిచేయొచ్చు. ప్రొఫెషనల్ క్రీడాకారిణిగా, కోచ్‌గా మాత్రం కుదరదు.

పెళ్లి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటిది ఉంటే, రెండూ నావేనని ఒక వాక్యం రాయండి. మన పేర్లతో ఇది మామూలే.

సమస్య: “ఖర్చులన్నీ మా వారే చూసుకుంటారు” అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు.

పరిష్కారం: భార్యకు 285 పౌండ్లు 28 రోజులు వరుసగా ఖాతాలో ఉన్నట్టు స్టేట్‌మెంట్ ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. లేదా మొదటి నెల ఆమె ఖర్చు కూడా తామే భరిస్తామని కంపెనీ ధ్రువీకరించాలి. ఆ మాట భర్త ఒక్కరికే వర్తిస్తుందా, భార్యకు కూడానా అని హెచ్‌ఆర్‌ని ముందే అడగండి.